117వ మూలకం, చాలని న్యూట్రాన్లు

2009 జూన్‌లో న్యూయార్క్ నుంచి మాస్కోకు ఐదు సీసపు డబ్బాలు విమానమెక్కాయి. డబ్బాల బరువు మాటెలా ఉన్నా, అన్నిటిలో కలిపి అసలు సరుకు 22 మిల్లీగ్రాములు. దాని పేరు బెర్కీలియం-249. కాగితాలు సరిగా లేవని రష్యా కస్టమ్స్ వాళ్లు వాటిని తిప్పి పంపారు. మళ్లీ పంపితే మళ్లీ అదే గతి. మూడోసారి దింపుకునేలోపు ఆ డబ్బాలు అట్లాంటిక్‌ను ఐదుసార్లు దాటాయి. మామూలు సరుకైతే ఇదొక ఆఫీసు తలనొప్పి, అంతే. బెర్కీలియం-249 సంగతి వేరు. దాని అర్ధాయుష్షు దాదాపు 330 రోజులు. గోదాములో ఉన్నా, విమానంలో ఉన్నా, రోజుకు వెయ్యిలో రెండు వంతుల చొప్పున కాలిఫోర్నియంగా మారిపోతూనే ఉంటుంది.

ఆ సరుకు వెళ్తున్నది మాస్కో దగ్గరి దుబ్నాలో 117వ మూలకం తయారుచేయడానికి. ఆవర్తన పట్టికలో అప్పటికి 116, 118 గడులకు సంబంధించిన ఫలితాలు వచ్చేశాయి. మధ్యలో 117 మాత్రం ఖాళీగా ఉంది. కారణం సిద్ధాంతంలో లేదు, సరుకులో ఉంది. దుబ్నాలో యూరీ ఓగనెస్సాన్ బృందం పద్ధతి ఒకటే: ఆక్టినైడ్ వరుసలోని ఒక బరువైన మూలకాన్ని టార్గెట్‌గా పెట్టి, దాని మీదకు కాల్షియం-48 కేంద్రకాలను వేగంగా కొట్టడం. కాల్షియంలో 20 ప్రోటాన్లుంటాయి. 117 కావాలంటే టార్గెట్‌లో 97 ఉండాలి. 97 అంటే బెర్కీలియం. ప్లుటోనియం, క్యూరియంలలో దీర్ఘకాలం నిలిచే ఐసోటోపులున్నాయి, దాచుకోవచ్చు. బెర్కీలియంను అలా దాచలేం. ఎప్పటికప్పుడు వండుకోవాల్సిందే.

వండే చోటు ప్రధానంగా ఒకటే. అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రంలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలోని అధిక న్యూట్రాన్ ప్రవాహపు రియాక్టర్. అక్కడ క్యూరియంను న్యూట్రాన్ల మధ్య నెలల తరబడి ఉంచితే, ఒక్కో న్యూట్రాన్‌ను మింగుతూ, మధ్యమధ్యలో బీటా క్షయంతో ప్రోటాన్ల సంఖ్య పెంచుకుంటూ పైకెక్కుతుంది. ఆ శ్రమంతా సాధారణంగా కాలిఫోర్నియం-252 కోసం. పరిశ్రమలకు న్యూట్రాన్లు ఇచ్చే వనరుగా దానికి గిరాకీ ఉంది. బెర్కీలియం ఆ పనిలో పక్క ఉత్పత్తి. అందుకే కాలిఫోర్నియంకు వాణిజ్య ఆర్డరు వచ్చేదాకా దుబ్నా వాళ్లు కాచుకుని కూర్చోవాల్సి వచ్చింది. 2008లో ఆర్డరు వచ్చింది. 250 రోజులు రియాక్టర్లో ఉంచారు, 90 రోజులు చల్లారనిచ్చారు, ఇంకో 90 రోజులు రసాయన పద్ధతుల్లో వేరుచేశారు. అంత చేస్తే మిగిలింది ఆ 22 మిల్లీగ్రాములు. సరుకు శుద్ధి అయిన క్షణం నుంచే గడియారం మొదలు.

రష్యాలో దిమిత్రోవ్‌గ్రాద్ అనే ఊళ్లో దాన్ని టార్గెట్‌గా మలిచారు. రెండు మైక్రాన్ల కంటే పలచని టైటానియం రేకుల మీద బెర్కీలియంను సన్నని పూతగా పూశారు. పూత మందం పెంచితే ఎక్కువ ఢీకొనడాలు దొరుకుతాయి కదా అనిపిస్తుంది. కానీ మందమైన పూతలో దూసుకొచ్చే అయాన్ శక్తి తగ్గిపోతుంది, పుట్టిన కొత్త కేంద్రకం బయటికి రాలేక లోపలే చిక్కుకుంటుంది. అందుకని పలచగానే ఉండాలి. పలచటి రేకు మీద బీమ్ అంతా ఒకేచోట పడితే కాలిపోతుంది కాబట్టి, విల్లు వంపులో ఉన్న ఆరు ముక్కలను ఒక చక్రానికి బిగించి నిమిషానికి 1700 చుట్లు తిప్పారు.

ఇక కాల్షియం-48. ప్రకృతిలో దొరికే కాల్షియంలో ఇది 0.187 శాతమే. మిగతాది దాదాపు అంతా కాల్షియం-40. వేరుచేసిన కాల్షియం-48 ధర గ్రాముకు లక్షల డాలర్లలో పలుకుతుంది. అయాన్లకు వేగం అందించే యంత్రమైన సైక్లోట్రాన్‌లో అది గంటకు మిల్లీగ్రాముకు లోపే ఖర్చవుతుంది కనుక సరిపోతోంది. ఇంత ఖరీదైన ఐసోటోపు ఎందుకంటే, 40తో పోలిస్తే దానిలో 8 న్యూట్రాన్లు ఎక్కువ. ఈ వ్యాసంలో ముందుకు వెళ్లేకొద్దీ ఆ ఎనిమిదే అసలు కథ అవుతాయి.

2009 జులై 27న బీమ్ మొదలైంది. సెకనుకు దాదాపు 7 లక్షల కోట్ల కాల్షియం అయాన్లు, కాంతి వేగంలో పదోవంతు వేగంతో. ఒక్కో అయాన్ శక్తి 252 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ శక్తి ఎంచుకోవడంలోనే పనితనమంతా ఉంది. రెండు కేంద్రకాలకూ ధనావేశమే, కాబట్టి ఒకదాన్నొకటి నెట్టేస్తాయి. శక్తి తక్కువైతే అసలు తాకవు. ఎక్కువైతే కలిసిన ముద్ద విపరీతంగా వేడెక్కి చీలిపోతుంది. సరిగ్గా కొట్టినా ఎక్కువసార్లు జరిగేది పూర్తి కలయిక కాదు. రెండూ కాసేపు అతుక్కుని, కొన్ని ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఇచ్చిపుచ్చుకుని, మళ్లీ విడిపోతాయి. దీన్ని అర్ధవిచ్ఛిత్తి అంటారు.

పూర్తిగా కలిసిన కొద్ది వాటికి రెండో గండం ఉంది. 97 ప్రోటాన్లు, 152 న్యూట్రాన్లున్న బెర్కీలియంకు 20 ప్రోటాన్లు, 28 న్యూట్రాన్లున్న కాల్షియం కలిస్తే 117 ప్రోటాన్లు, 180 న్యూట్రాన్ల ముద్ద వస్తుంది. 252 శక్తి దగ్గర దానిలో మిగిలే ఉద్రేక శక్తి 39 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. చెమట ఆరితే ఒళ్లు చల్లబడ్డట్టు, ఆ ముద్ద ఒక్కొక్క న్యూట్రాన్‌ను బయటికి వదిలి చల్లబడాలి. నాలుగు వదిలితే కుదుటపడుతుంది. కానీ ప్రతి మెట్టు దగ్గరా న్యూట్రాన్ వదలడానికి, రెండుగా చీలిపోవడానికి పోటీ ఉంటుంది. దాదాపు ప్రతిసారీ చీలికదే పైచేయి. నాలుగు మెట్లూ నెగ్గుకొచ్చేవి ఎక్కడో ఒకటి. అలా నెగ్గింది 117 ప్రోటాన్లు, 176 న్యూట్రాన్లున్న కేంద్రకం, అంటే ద్రవ్యసంఖ్య 293. ఆ తర్వాత బీమ్ శక్తిని 247కు తగ్గించారు. ముద్ద కాస్త తక్కువ వేడితో పుడుతుంది కాబట్టి మూడు న్యూట్రాన్లతోనే చల్లబడుతుంది, 294 మిగులుతుంది.

ఒక్కో శక్తి దగ్గర దాదాపు 70 రోజుల చొప్పున బీమ్ నడిచింది. టార్గెట్‌ మీద పడిన అయాన్ల సంఖ్య 10^19 స్థాయిలో ఉంది. దొరికినవి ఆరు పరమాణువులు. ఐదు 293, ఒకటి 294.

ఆరు పరమాణువులు దొరికాయని ఎలా తెలిసింది? ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ రంగంలో నమ్మకమంతా ఈ ప్రశ్న మీదే నిలబడింది.

టార్గెట్ వెనక నుంచి వచ్చేది ఒక గుంపు. ఢీకొనకుండా వచ్చేసిన కాల్షియం అయాన్లు, టార్గెట్ నుంచి ఎగిరిపడిన ముక్కలు, అర్ధవిచ్ఛిత్తి తునకలు. వీటి మధ్యలో ఎప్పుడో ఒక కొత్త కేంద్రకం. ఈ గుంపును తక్కువ పీడనంలో హైడ్రోజన్ నింపిన గొట్టంలోకి, అయస్కాంతాల మధ్యకు పంపుతారు. హైడ్రోజన్‌తో తగులుతూ పోతుంటే ఒక్కో కేంద్రకం మీద ఎలక్ట్రాన్లు ఎక్కుతూ దిగుతూ ఒక సగటు ఆవేశం ఏర్పడుతుంది. నెమ్మదిగా పోయే బరువైన కేంద్రకం వంగే దారి వేరు, వేగంగా పోయే కాల్షియం వంగే దారి వేరు. గుంపులో అత్యధిక భాగం పక్కకు పోతుంది. మైక్రోసెకను ప్రాంతంలో ప్రయాణం ముగించి కొత్త కేంద్రకం ఒక సిలికాన్ డిటెక్టర్‌లో దిగబడుతుంది.

దిగిన చోటును, సమయాన్ని, శక్తిని డిటెక్టర్ నమోదు చేస్తుంది. కొన్ని మిల్లీసెకన్ల తర్వాత అదే చోటు నుంచి 11 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లున్న ఒక ఆల్ఫా కణం వెలువడితే, అది ఆశ కలిగించే జాడ. ఆ క్షణంలో యంత్రమే సైక్లోట్రాన్ బీమ్‌ను ఆపేస్తుంది. చుట్టూ నిశ్శబ్దం. ఇక ఆ చోటు నుంచి రాబోయే ఆల్ఫాలను కాకతాళీయంగా వచ్చిన వాటితో పొరబడే అవకాశం బాగా తగ్గిపోతుంది. 293 విషయంలో గొలుసు ఇలా నడిచింది. 117 పుట్టిన కొన్ని మిల్లీసెకన్లకే ఆల్ఫా వదిలి 115 అయింది. సెకనులో ఐదోవంతు ప్రాంతంలో ఇంకో ఆల్ఫా, 113. ఐదు సెకన్ల చిల్లరలో మరొకటి, 111. అది అర నిమిషం ప్రాంతంలో రెండుగా చీలి పెద్ద శక్తిని వదిలింది. అదే చోట, అదే వరుసలో, ఐదుసార్లు.

ఈ గొలుసుకు ఒక బలహీనత ఉంది. సీసం, బిస్మత్ టార్గెట్లతో చేసిన పాత మూలకాల గొలుసులు చివరికి బాగా తెలిసిన కేంద్రకాల మీద దిగేవి, కాబట్టి వెనక్కి లెక్కపెట్టుకుని పైన ఉన్నదేమిటో ఖాయం చేయొచ్చు. ఆక్టినైడ్ టార్గెట్ల గొలుసులు మాత్రం న్యూట్రాన్లు ఎక్కువున్న, అంతకుముందెవరూ చూడని ప్రాంతంలోనే మొదలై అక్కడే చీలిపోతాయి. నేలకు ఆనని నిచ్చెన. అందుకే ఇతరులు మళ్లీ చేసి చూపేదాకా ఎవరూ తొందరపడలేదు. ఆ జాగ్రత్తకు కారణమూ ఉంది. 1999లో అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాల క్రిప్టాన్‌ను సీసం మీద కొట్టి 118ని చేశామని ప్రకటించింది. జర్మనీలో, జపాన్‌లో ప్రయత్నిస్తే రాలేదు. బర్క్‌లీలోనే మళ్లీ చేస్తే రాలేదు. చివరికి మూల డేటాను తిరగేస్తే ఆ గొలుసులు అందులో లేనేలేవు. ప్రకటనను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మూడు గొలుసుల మీద ఆధారపడిన దావాలో డేటాను విశ్లేషించే ఒక మనిషి మీద ఎంత భారం పడుతుందో అది చూపింది.

117కు అలాంటి గతి పట్టలేదు. దుబ్నాలోనే 2012లో మరింత బెర్కీలియంతో మళ్లీ చేస్తే అవే గొలుసులు వచ్చాయి. అనుకోకుండా ఇంకోటి కూడా వచ్చింది. టార్గెట్‌లోని బెర్కీలియంలో కొంత అప్పటికే కాలిఫోర్నియం-249గా మారిపోయింది కదా, దాని నుంచి 118వ మూలకపు పరమాణువు ఒకటి పుట్టింది. క్షయమే ఇచ్చిన కానుక అనుకోవచ్చు. 2014లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ బృందం ఓక్ రిడ్జ్ బెర్కీలియంతోనే 294ను తయారుచేసి ధ్రువీకరించింది. 2015 చివరి రోజుల్లో గుర్తింపు, 2016 నవంబరులో టెన్నెస్సైన్ అనే పేరు వచ్చాయి. ద్రవ్యసంఖ్యను నేరుగా కొలవడం మాత్రం ఇంకా ఆలస్యంగా, 2018లో బర్క్‌లీలో, 115, 113 మూలకాల ఐసోటోపుల మీద జరిగింది. అప్పటిదాకా ఉన్నదంతా తర్కం మీద నిలబడ్డ గుర్తింపే. తర్కం గట్టిదే, కానీ కొలత కొలతే.

ఇప్పుడు గొలుసులోని 113 దగ్గరికి వెళ్దాం. అతిభార కేంద్రకాల్లో కొన్ని ఎక్కువకాలం బతికే చోటు ఒకటి ఉందంటారు, దాని పేరు స్థిరత్వ ద్వీపం. దాని గురించి ఇప్పటికి చేతికందిన రుజువుల్లో నన్ను బాగా ఒప్పించేది అక్కడుంది.

113వ మూలకాన్ని, అంటే నిహోనియంను, జపాన్‌లోని రికెన్ సంస్థ వేరే దారిలో తయారుచేసింది. బిస్మత్ మీద జింకు-70ని కొట్టారు. 2004లో ఒకటి, 2005లో ఒకటి, ఆ తర్వాత ఏళ్ల తరబడి నిరీక్షించి 2012లో ఒకటి. మొత్తం మూడు. ఆ నిహోనియం ద్రవ్యసంఖ్య 278, అంటే 165 న్యూట్రాన్లు. దాని ఆయుష్షు మిల్లీసెకన్లలో. 117 గొలుసుల్లో కిందికి దిగి వచ్చిన నిహోనియం 285, 286. అంటే 172, 173 న్యూట్రాన్లు. వాటి ఆయుష్షు సెకన్లలో, 286ది దాదాపు 10 సెకన్లు. మూలకం అదే, ప్రోటాన్లు అవే 113. ఎనిమిది న్యూట్రాన్లు చేరేసరికి ఆయుష్షు వేల రెట్లు పెరిగింది.

ఇది మామూలుగా జరగాల్సింది కాదు. కేంద్రకాన్ని ఒక ద్రవబిందువుగా ఊహిస్తే, ప్రతి ప్రోటాన్ మిగతా అన్ని ప్రోటాన్లనూ నెడుతుంది. పట్టి ఉంచే కేంద్రక బలం మాత్రం పక్కనున్న వాటివరకే పనిచేస్తుంది. ప్రోటాన్లు పెరిగేకొద్దీ నెట్టుడు గెలుస్తుంది. ఆ లెక్క ప్రకారం 104 ప్రాంతంలోనే చీలికను ఆపే అడ్డుగోడ దాదాపు మాయమైపోవాలి. ఒక కేంద్రకం తన చుట్టూ ఎలక్ట్రాన్లను పోగేసుకుని మూలకం అనిపించుకోవాలంటే కనీసం 10^-14 సెకన్లు బతకాలని ఒక నియమముంది. ద్రవబిందువు లెక్కన చూస్తే బరువైనవాటికి ఆ పాటి గడువు కూడా దొరకదు.

అడ్డుగోడను నిలబెడుతున్నది పొరలు. పరమాణువులో ఎలక్ట్రాన్లకు పొరలున్నట్టే కేంద్రకంలో ప్రోటాన్లకు, న్యూట్రాన్లకు విడివిడిగా పొరలున్నాయని 1949లో మరియా గోపర్ట్ మేయర్, హాన్స్ యెన్సెన్ వేర్వేరుగా చూపారు. 2, 8, 20, 28, 50, 82 దగ్గర పొర నిండుతుంది. న్యూట్రాన్లకు 126 దగ్గర కూడా. నిండిన పొర ఉన్న కేంద్రకం గట్టిగా ముడుచుకుని ఉంటుంది. 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లున్న సీసం-208 రెండు విధాలా నిండినది. 20, 28 ఉన్న మన కాల్షియం-48 కూడా అలాంటిదే. సీసం తర్వాత మళ్లీ ఎప్పుడు నిండుతుంది? 1960ల మధ్యలో లెక్కలు వేసినవాళ్లకు ప్రోటాన్లలో 114, న్యూట్రాన్లలో 184 వచ్చాయి. తర్వాతి లెక్కల్లో ప్రోటాన్ల సంఖ్య మీద ఏకాభిప్రాయం చెదిరింది. 114 అనేవారు, 120 అనేవారు, 126 అనేవారు ఉన్నారు. న్యూట్రాన్ల విషయంలో మాత్రం 184కే ఎక్కువ మద్దతు. యురేనియం తర్వాత అస్థిరమైన మూలకాల సముద్రం, దాని అవతల 184 చుట్టూ ఎక్కువకాలం బతికే కేంద్రకాల తిన్నె. అదే ద్వీపం. ఆ మాటను అమెరికా రసాయన శాస్త్రవేత్త గ్లెన్ సీబోర్గ్ బాగా ప్రచారంలోకి తెచ్చాడు.

మొదట్లో లెక్కలు మరీ ఉదారంగా ఉండేవి. ద్వీపం నడిబొడ్డున ఉన్న కేంద్రకాల ఆయుష్షు భూమి వయసుతో పోల్చదగ్గదని వచ్చిన అంచనాలున్నాయి. దాంతో ఖనిజాల్లో, ఉల్కల్లో వెతుకులాట మొదలైంది. నిలబడే ఆధారమేదీ దొరకలేదు. ఇప్పటి అంచనాలు నిమిషాల నుంచి ఏళ్ల దాకా ఎక్కడెక్కడో ఉన్నాయి. చీలిక ఆయుష్షు అడ్డుగోడ ఎత్తు మీద ఎంత విపరీతంగా ఆధారపడుతుందంటే, ఎత్తులో చిన్న తేడా ఆయుష్షును ఎన్నో పదుల రెట్లు మార్చేస్తుంది. కాబట్టి ద్వీపంలో బతికేది ఫలానా అన్నేళ్లు అని ఎవరైనా గట్టిగా చెబితే అనుమానించడమే మంచిది.

నిహోనియం పోలిక చెప్పేది అంతకంటే తక్కువ, కానీ గట్టిది. 165 నుంచి 173కు నడిస్తే నేల పైకి లేస్తోంది. ద్వీపం శిఖరం ఎంత ఎత్తో తెలియకపోయినా, వాలు ఉందని, అది 184 వైపే ఎక్కుతోందని తెలుస్తోంది. 112వ మూలకంలోనూ అంతే. 277కు మిల్లీసెకనులోపు ఆయుష్షు, 285కు అర నిమిషం.

వాలు కనిపించాక ఎక్కడం తరువాయి అనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే. టెన్నెస్సైన్-294లో న్యూట్రాన్లు 177. ఇప్పటిదాకా ఏ అతిభార కేంద్రకంలోనూ ఇంతకు మించి లేవు. 116వ మూలకమైన లివర్మోరియం-293లోనూ 177. శిఖరానికి ఇంకా ఏడు కావాలి. ఆ ఏడు ఎక్కడి నుంచి వస్తాయి?

బరువైన స్థిర కేంద్రకాల్లో న్యూట్రాన్లు ప్రోటాన్ల కంటే బాగా ఎక్కువ. తేలిక వాటిలో దాదాపు సమానం. బరువైనదాన్ని, తేలికదాన్ని కలిపితే వచ్చేదానికి న్యూట్రాన్ల కొరత తప్పదు. కాల్షియం-48 ఆ కొరతను వీలైనంత తగ్గించే తేలిక కేంద్రకం, అందుకే గ్రాముకు అంత ధర పెట్టి కొన్నారు. 114 ప్రోటాన్లు, 184 న్యూట్రాన్లు కావాలనుకుందాం. ప్లుటోనియంలో మనకు దొరికే న్యూట్రాన్లు ఎక్కువున్న రకం 244. దానిలో 150 న్యూట్రాన్లు. కాల్షియం 28 కలిపితే 178. చల్లబడటానికి మూడు పోతే 175. మొదట్లోనే ఆరు తక్కువ, చివర్లో తొమ్మిది తక్కువ. టార్గెట్ మార్చినా, శక్తి సవరించినా ఒకటో రెండో పెరుగుతాయి తప్ప ఏడు పెరగవు. కాల్షియం-50 వాడొచ్చు కదా అంటే, అది సెకన్లలో క్షయమైపోయే ఐసోటోపు. సెకనుకు లక్షల కోట్ల అయాన్ల బీమ్‌ను దానితో ఎవరూ చేయలేరు.

కొత్త మూలకాల వార్తలు వచ్చినప్పుడల్లా స్థిరత్వ ద్వీపానికి ఒక అడుగు దగ్గరయ్యామని రాస్తుంటారు. దీనితో పేచీ పెట్టుకోక తప్పదు. మూలకం సంఖ్య పెరగడమంటే ప్రోటాన్లు పెరగడం. ద్వీపానికి దగ్గరవడమంటే న్యూట్రాన్లు పెరగడం. ఈ రెండూ ఒకే దిక్కున ఉండాలని లేదు. 118 దాటాక అవి విడిపోతున్నాయి కూడా.

ఎందుకో చూద్దాం. కాల్షియంతో 119 కావాలంటే 99 ప్రోటాన్ల ఐన్‌స్టీనియం టార్గెట్ కావాలి. అది మైక్రోగ్రాముల్లో తప్ప తయారవదు. బెర్కీలియం మిల్లీగ్రాముల్లో దొరికితేనే 70 రోజులకు ఐదు పరమాణువులు వచ్చాయి. వెయ్యో వంతు సరుకుతో పని జరగదు. కాబట్టి టార్గెట్‌ను అలాగే ఉంచి బీమ్‌లో ప్రోటాన్లు పెంచాలి. కాల్షియం బదులు 22 ప్రోటాన్ల టైటానియం, 23 ఉన్న వెనేడియం, 24 ఉన్న క్రోమియం. వీటికి కాల్షియం-48లా రెండు పొరలూ నిండిన అమరిక లేదు. కలయిక అవకాశం పడిపోతుందని అందరూ ముందే ఊహించారు. ఎంత పడిపోతుందన్నదే తెలియాల్సింది.

2024లో బర్క్‌లీ బృందం అది కొలిచింది. అప్పటికే తెలిసిన 116నే ఈసారి టైటానియం-50తో చేశారు, ప్లుటోనియం-244 టార్గెట్ మీద. 22 రోజుల బీమ్‌కు రెండు పరమాణువులు. 120ని ఈ దారిలో వెతకడం అసాధ్యం కాదని తేలింది. మంచి ఫలితమే. అయితే ఆ రెండు పరమాణువులు ఏ ఐసోటోపువో చూడండి. లివర్మోరియం-290. న్యూట్రాన్లు 174. టైటానియం-50లోనూ న్యూట్రాన్లు 28 మాత్రమే, కాల్షియం-48లో ఉన్నన్నే. అదనంగా తెచ్చింది రెండు ప్రోటాన్లు. అదే మూలకాన్ని క్యూరియం-248 మీద కాల్షియంతో చేస్తే 177 న్యూట్రాన్లదాకా వస్తాయి. ఆయుష్షు కూడా అందుకు తగ్గట్టే ఉంది. 293 పదుల మిల్లీసెకన్లు బతుకుతుంది, 290 పది మిల్లీసెకన్లలోపే. 120 కోసం టైటానియంను కాలిఫోర్నియం-249 మీద కొడితే కలిసిన ముద్దలో న్యూట్రాన్లు 179, చల్లబడ్డాక 175 లేదా 176. ప్రోటాన్ల పొర 120 దగ్గరే నిండుతుందన్న లెక్క నిజమైతే అక్కడ ఏదైనా విశేషం కనిపించవచ్చు. కానీ 184కు దూరం ఇంచు కూడా తగ్గదు.

అయితే దారి మూసుకుపోయిందా? కలయిక దారి దాదాపు మూసుకుపోయినట్టే. మరో దారి కాగితం మీద ఉంది. యురేనియంను క్యూరియం మీద కొట్టడం. రెండూ బరువైనవే, రెండింటిలోనూ న్యూట్రాన్లు పుష్కలం. పూర్తిగా కలవవు, కానీ తాకిన క్షణంలో పెద్ద మొత్తంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఒకదాని నుంచి మరోదానికి మారితే, క్యూరియం పదీపదిహేను ప్రోటాన్లు పుచ్చుకుని న్యూట్రాన్లతో నిండిన అతిభార కేంద్రకంగా మిగలొచ్చు. అవకాశం ఎంతో తక్కువ. దానికి తోడు, ఉత్పత్తులు అన్ని దిక్కులకూ చెదురుతాయి. హైడ్రోజన్ గొట్టంతో వేరుచేయడం కలయిక ప్రయోగాల్లోనే సులువు, అక్కడ కొత్త కేంద్రకం బీమ్ దిక్కునే ముందుకు వస్తుంది కాబట్టి. ఇక్కడ ఆ సదుపాయం లేదు.

కలయిక దారిలో ఇంకా మిగిలి ఉన్న బేరం ఒకటి, చాలా చిన్నది. కాలిఫోర్నియం-251. కాల్షియంతో కలిస్తే 118 ప్రోటాన్లు, 181 న్యూట్రాన్లు. మూడు పోతే 178. ఇప్పటి రికార్డుకు ఒక్క న్యూట్రాన్ ఎక్కువ. 251ని విడిగా తయారుచేయడం కష్టం. కానీ ఓక్ రిడ్జ్‌లో దశాబ్దాల కిందటి పాత కాలిఫోర్నియం న్యూట్రాన్ వనరులున్నాయి. వాటిలోని 252 అర్ధాయుష్షు రెండున్నరేళ్ల పైచిలుకే కాబట్టి చాలావరకు క్షయమైపోయి, దీర్ఘకాలం నిలిచే 249, 250, 251 మిశ్రమం మిగిలింది. దాన్ని తీసి శుద్ధిచేసి దుబ్నాకు పంపారు. కాల్షియం బీమ్ నడిపారు. వచ్చింది ఒకే ఒక్క 118వ మూలకపు పరమాణువు. దాని ద్రవ్యసంఖ్య 294, న్యూట్రాన్లు 176. మిశ్రమంలోని 249 నుంచి పుట్టిన పాత ఐసోటోపే. 251 నుంచి రావాల్సింది రాలేదు.